గుణింతం పాటలా పాడతాడు, పెరుగు డబ్బా మీద మాట చదవలేడు

ప్రశ్న: నమస్తే అండీ. మేం డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. మా బాబుకి 7 ఏళ్లు. ఏడాది నుంచి ప్రతి ఆదివారం తెలుగు క్లాసుకి తీసుకెళ్తున్నాం. అ ఆలు, క ఖలు గడగడా చెప్తాడు. గుణింతాలు పాటలా పాడతాడు. కానీ ఏ పుస్తకం తెరిచి ఇచ్చినా ఒక్క మాట చదవలేడు. మళ్లీ ఏడాది అదే లెవెల్లో ఉంచుదామని టీచర్ అంటున్నారు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. ఇద్దరం ఉద్యోగస్తులం, రోజుకి 15 నిమిషాలకి మించి కూర్చోబెట్టలేను. ఇంట్లో ఏం చేయించాలి? లెవెల్ విషయంలో ఏం చెప్పమంటారు?

సమాధానం:

ముందు ఈ సాయంత్రం ఒక చిన్న పని చేయండి. కాగితం ముక్కల మీద ఓ 20 అక్షరాలు, ఒక్కో ముక్క మీద ఒక్కటి చొప్పున రాసి, కలిపేసి, ఒక్కొక్కటిగా చూపించండి. వరుసలో వద్దు, పక్కన బొమ్మ వద్దు. ట చూపించినప్పుడు మీ బాబు పెదాలు గమనించండి. వెంటనే "ట" అన్నాడంటే ఆ అక్షరం వచ్చినట్టు. లోపల్లోపల "క ఖ గ ఘ... చ ఛ జ ఝ..." అనుకుంటూ ట దాకా నడిచి వచ్చాడంటే, అతనికి తెలిసింది వరుస మాత్రమే. వరుసను చెవి నేర్చుకుంటుంది, అక్షరాన్ని కన్ను నేర్చుకోవాలి. ఏడాదిగా చెవి పని బాగా జరిగింది, కన్ను పని ఇంకా మొదలు కాలేదు. మీ ఉత్తరం చదివితే నాకు అలాగే అనిపిస్తోంది.

మా ఊళ్లో గుడి హాల్లో నేను క్లాసు మొదలుపెట్టినప్పుడు మొదటి రెండేళ్లూ ఇలాగే నడిపాను. వార్షికోత్సవంలో పిల్లలందరూ వరుసగా నిలబడి గుణింతాలు చెప్తే హాలంతా చప్పట్లు. ఆ రోజే తెనాలి నుంచి వచ్చిన ఓ నాయనమ్మ తన చేతిలో ఉన్న వారపత్రిక మనవరాలికి ఇచ్చి, "ఇదేంటో చదువు బంగారం" అంది. పెద్ద అక్షరాల్లో ఉన్న "పడవ" అన్న మాట. ప, డ, వ మూడూ ఆ పాపకి వచ్చు. వాటిని కలిపి చదవడం నేను ఎప్పుడూ నేర్పలేదు. ఆ పాప ముఖం ఇప్పటికీ గుర్తుంది. ఆ తర్వాతి వారం నుంచే నా క్లాసు మార్చుకున్నాను. మీకు చెప్తున్నవన్నీ అప్పటి నుంచి చేయిస్తున్నవే.

మన బొమ్మల పుస్తకాల్లో ఇంకో చిక్కుంది. అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు, ఇ అంటే ఇల్లు. అమ్మలో మ ఒత్తు ఉంది, ఆవులో కొమ్ముంది, ఇల్లులో ల ఒత్తూ కొమ్మూ రెండూ ఉన్నాయి. అంటే పిల్లవాడు చూసే మొదటి మాటలే అతను ఇంకో ఏడాదికి గానీ చదవలేనివి. అందుకని మాటను వదిలేసి బొమ్మను చదువుతాడు. ఆవు బొమ్మ మీద వేలు పెట్టి మూసి చూడండి, సంగతి తెలిసిపోతుంది. ఇందులో పిల్లవాడి తప్పేమీ లేదు.

కాబట్టి మొదట ఏ గుర్తూ లేని మాటలు మాత్రమే ఇవ్వండి. తల, వల, కల, పడవ, పలక, ఉడత, ఎలక, ఊయల, ఆట, ఈత, ఈగ, ఓడ. వీటిలో దీర్ఘం లేదు, గుడి లేదు, ఒత్తు లేదు. ఒక్కో అక్షరం చదివి కలిపేస్తే మాట అయిపోతుంది. "ప... డ... వ" అని విడివిడిగా చదివాక "ఇప్పుడు గబగబా" అనండి. "పడవ" అని తన నోటితో తను విన్న క్షణంలో పిల్లల కళ్లు మెరుస్తాయి. చదవడం అంటే ఏమిటో వాళ్లకి అర్థమయ్యేది అప్పుడే. ఙ, ఞ, ఌ లాంటి వాటి మీద ఇప్పుడు ఒక్క నిమిషం కూడా పెట్టకండి. ఖ, ఛ, ఠ, థ, ఫ కూడా ఆగొచ్చు. ఇంట్లో వాడే మాటల్లో అవి తక్కువ. క్లాసులో వరుస క్లాసుదే, ఇంట్లో ఆ వరుస పాటించక్కర్లేదు.

రెండు మూడు రోజుల తర్వాత సున్న కలపండి. మంట, పంట, వంట, గంట. మొదటి అక్షరం ఒక్కటే మారుతుంది కాబట్టి ఒకటి చదివితే మిగతావి తన్నుకుంటూ వస్తాయి. ఇక్కడ ఒక జాగ్రత్త. సున్నని "అమ్" అని విడిగా నేర్చుకున్న పిల్లలు గంటని "గమ్‌ట" అని, పండుని "పమ్‌డు" అని చదువుతారు. సున్న పలుకు దాని తర్వాత వచ్చే అక్షరాన్ని బట్టి మారుతుంది. వంకాయలో ఒక రకం, పందిలో ఒక రకం, కంపలో ఒక రకం. ఈ సూత్రం పిల్లవాడికి చెప్పకండి, బుర్ర తినేసినట్టవుతుంది. గంట అని మీరు పలికి చూపించండి, చాలు. మాట చివర సున్న వస్తే మాత్రం మ్ అనే వస్తుంది, కారం, అన్నం లాగా. అది ఒక్కటీ చెప్తే పట్టుకుంటారు.

ఇప్పుడు అసలు చిక్కు, గుణింతం. క కా కి కీ అని ఒకే అక్షరం మీద 16 సార్లు పాడటం మనకి అలవాటు. పాటగా బాగుంటుంది. కానీ కె చూపిస్తే పిల్లవాడు మళ్లీ క నుంచి వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ వస్తాడు. మీ బాబు కూడా అలాగే చేస్తుండాలి. దాన్ని అడ్డంగా తిప్పండి. ఒక్క గుర్తు తీసుకుని దాన్ని చాలా అక్షరాల మీద పెట్టండి. ఈ వారం గుడి అనుకోండి: కి, గి, చి, టి, డి, ని, పి, లి. అప్పుడు పిల్లవాడి కన్ను గుడి అనే ఆకారాన్ని విడిగా చూడటం నేర్చుకుంటుంది. ఆ గుర్తు ఎక్కడ కనపడినా "ఇ" అని నోటికి వచ్చేస్తుంది.

దీనికి ముందు తలకట్టు గురించి ఒక్కసారి చూపించాలి. చాలామంది తల్లిదండ్రులు ఇది వదిలేస్తారు. క మీద ఉన్న టిక్కు లాంటి గీత వట్టి అలంకారం కాదు. "అ" అనే పలుకుకి గుర్తు అదే. గుడి రాగానే తలకట్టు పోయి, ఆ చోట్లో గుడి కూర్చుంటుంది. దీర్ఘం, ఎత్వం, ఒత్వం వచ్చినా అంతే. క ని మొత్తం ఒక బొమ్మలా గుర్తుపెట్టుకున్న పిల్లవాడికి కి లో ఆ టిక్కు లేకపోయేసరికి అది కొత్త అక్షరంలా కనిపిస్తుంది. అందుకని ఒక కాగితం మీద తలకట్టు లేకుండా క ఒళ్లు మాత్రం రాసి, తలకట్టు, దీర్ఘం, గుడి, ఎత్వం వేరే చిన్న ముక్కల మీద రాసి, టోపీలు మార్చినట్టు మార్చి చూపించండి. ఒక్క సాయంత్రం చాలు. కొమ్ము మాత్రం తలకట్టుని తీసేయదు. కు లో తలకట్టు అలాగే ఉండి పక్కన కొమ్ము చేరుతుంది. జ, ట, ణ, బ, ల లకి అసలు విడిగా తలకట్టు ఉండదు, వాటిని ఆ ఆటలోకి తేకండి.

గుర్తుల వరుస నేనైతే ఇలా పెట్టుకుంటాను. ముందు దీర్ఘం, తర్వాత గుడి, కొమ్ము, ఆ రెండింటి దీర్ఘాలు. అవి గట్టిపడ్డాక ఎత్వం, ఏత్వం, ఒత్వం, ఓత్వం. ఐత్వం, ఔత్వం, వట్రుసుడి చివర్లో, తొందర లేదు. ఒక్కో గుర్తుకి మూడు నాలుగు రోజులు పడుతుంది. అంటే ముఖ్యమైన తొమ్మిదింటికీ సుమారు 6 వారాలు. ఒత్వం దగ్గర మొ, యొ వేరుగా చూపించండి. కొ, తొ లలో తల మీద కనిపించే ఒత్వం వీటి మీద ఉండదు, ఎత్వానికి కొమ్ము కలిపినట్టు రాస్తాం. చెప్పకపోతే పిల్లలు మొలక ని "మెలక" అని చదివేస్తారు.

ఇక ఏ మాటలు ఇవ్వాలన్నది. పాఠ్యపుస్తకంలో గడప ఉంటుంది, అరక ఉంటుంది. ఫ్రిస్కోలో పెరిగే పిల్లవాడికి గడప ఎక్కడ కనిపిస్తుంది? చదివినా అది మాట అని తెలియదు. చదివిన శబ్దం తను ముందే విన్న మాట అయితేనే చదువు అతుక్కుంటుంది. మన పిల్లలు ఇంగ్లీషులో జవాబు చెప్పినా వంటింటి మాటలు మాత్రం తెలుగులోనే వింటారు. పాలు, పెరుగు, చారు, కూర, వడ, దోస, పూరీ, ఆవకాయ. అందుకని మీ వంటింటి డబ్బాలే మీ వాచకం. ఒకేసారి అన్నింటికీ చీటీలు అంటించకండి, అలా చేస్తే వారంలో అవి గోడ రంగులా కలిసిపోతాయి. ఏ గుర్తు నడుస్తుంటే ఆ గుర్తున్న డబ్బాకి మాత్రమే అంటించండి. దీర్ఘం వారంలో కారం, ఆవకాయ, వంకాయ, పంచదార. కొమ్ము వారంలో పాలు, ఆవాలు, పసుపు, చారు. ఎత్వం వచ్చాక పెరుగు, మెంతులు, బెండకాయ. ఓత్వం వచ్చాక దోస, గోంగూర. ఉప్పు, పప్పు, నెయ్యి, జీలకర్ర ఇప్పుడే వద్దు. వాటికి ఒత్తులున్నాయి.

చీటీ మీద మీ ఇంట్లో అనే మాటే రాయండి. మీరు చక్కెర అంటే చక్కెర అనే రాయండి, అప్పుడు అది ఒత్తుల వారం దాకా ఆగుతుంది. పుస్తకంలో పంచదార అని ఉందని ఇంట్లో మాట మార్చకండి. అమ్మది కరీంనగర్, నాన్నది గుంటూరు అయిన ఇళ్లు మా క్లాసులో చాలా ఉన్నాయి. ఆ పిల్లలు రెండు మాటలూ చదువుతారు, ఇబ్బందేమీ రాలేదు.

ఒక రోజు 15 నిమిషాలు ఎలా గడపాలో చెప్తాను. కొమ్ము నేర్చుకునే వారం, బుధవారం సాయంత్రం అనుకోండి. మొదటి 3 నిమిషాలు పాత మాటలు, చీటీలు కలిపేసి ఓ పది: పడవ, గంట, కారం, కాకి, ఆవకాయ... తడబడినవి పక్కన పెట్టండి. తర్వాత 4 నిమిషాలు కొమ్ము ఉన్న విడి అక్షరాలు: కు, గు, చు, డు, లు, రు. పు, వు విడిగా చూపించండి, వాటిలో కొమ్ము కింది వైపు నుంచి తిరుగుతుంది కాబట్టి కు లాగా కనిపించదు. తర్వాత 5 నిమిషాలు మాటలు: పాలు, చారు, ఆవు, పసుపు, ఆవాలు. "వంటింట్లోకి వెళ్లి పసుపు డబ్బా తీసుకురా" అనండి, చీటీ చూసి తేవాలి, రంగు చూసి కాదు. మిగిలిన 3 నిమిషాల్లో మూడు మాటలు మీరు చెప్తే తను రాయాలి. అంతే. బాగా చదువుతున్నాడు కదా అని అరగంట చేయకండి. మర్నాడు కూర్చోడానికి మొరాయిస్తాడు. వారానికి 5 రోజులు చాలు, క్లాసు రోజు ఇంట్లో వద్దు.

విని రాయడం గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే పిల్లవాడు ఎక్కడ ఆగిపోయాడో చెప్పేది ఇదే. ఒక అక్షరాన్ని పేజీ నిండా 20 సార్లు రాయించడం వల్ల పెద్ద ఫలితం ఉండదు. నాలుగోసారి నుంచి పిల్లవాడు పై వరుస చూసి చెయ్యి కదుపుతాడు, మనసు ఎక్కడో ఉంటుంది. చూడకుండా విని రాసిన మూడు మాటలు దానికంటే నయం. పాలు అని చెప్తే "పలు" అని రాశాడంటే, అది చెవి దగ్గర తప్పు. ఇంగ్లీషులో పొట్టి పలుకు, పొడుగు పలుకు మధ్య మన భాషలో ఉన్నంత తేడా పట్టించుకోవక్కర్లేదు, ఆ అలవాటు ఇక్కడికి వస్తుంది. అలాంటప్పుడు పలక పక్కన పెట్టి చెవితో ఆడండి. పడు, పాడు. మెడ, మేడ. కల, కాల. మీరు ఒకటి అంటే, పొట్టిదైతే ఒక చప్పట్టు, పొడుగుదైతే చేతులు చాపడం. కారులో వెళ్తూ కూడా చేయొచ్చు.

తాత అని చెప్తే "టాట" అని రాశాడంటే అదీ చెవి తప్పే. ఇంగ్లీషు టి మన త కాదు, ట కూడా కాదు, రెంటికీ మధ్యలో ఉంటుంది. మీ నోటికి అడ్డంగా కాగితం పెట్టుకుని త, ట మార్చి మార్చి అనండి, ఏది అన్నారో వేలితో చూపించమనండి. తేడా పట్టలేకపోతే ఎన్నిసార్లు రాయించినా లాభం లేదు, ముందు నాలుక ఎక్కడ తగులుతుందో చూపించాలి. త అన్నప్పుడు నాలుక కొస పై పళ్లకి తగులుతుంది. ట అన్నప్పుడు వెనక్కి మడిచి అంగిట్లో తగులుతుంది. అద్దం ముందు నిలబెట్టి చేయిస్తే రెండు మూడు వారాల్లో చాలామందికి వస్తుంది. ద, డ కి కూడా ఇదే.

పడవ చెప్తే "వడవ" అని రాశాడంటే అది కన్ను తప్పు. వ కి తలకట్టు ఒంటికి అంటుకుని ఉంటుంది, ప కి విడిగా ఉంటుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెద్దగా రాసి ఆ ఖాళీలో వేలు పెట్టించండి. ద కి లేకుండా ధ కి మాత్రమే కింద ఉన్న చిన్న గీత కూడా అలాగే. ఒక్క మాట: కలిసిపోయే జంటల్ని ఒకే రోజు కొత్తగా నేర్పకండి. ప గట్టిపడిన తర్వాతే వ తీసుకురండి.

రాసేటప్పుడు గీతల పుస్తకంలో ఒక గీత వదిలి ఒక గీత మీద రాయించండి. ఇక్కడ దొరికే నోటు పుస్తకాలు ఇంగ్లీషు అక్షరాల కోసం గీసినవి, కింద ఒత్తులకి చోటు ఉండదు. ఇరుకులో రాసిన ఒత్తు తర్వాతి వరుసలోకి వెళ్లిపోయి, తన రాత తనే చదువుకోలేడు. అలాగే తెలుగు మాట పైన ఇంగ్లీషు అక్షరాల్లో paalu అని రాసి ఇవ్వకండి. సాయం చేస్తున్నామనుకుంటాం గానీ, రెండు లిపులు పక్కపక్కన ఉంటే పిల్లవాడి కన్ను తనకి తేలికైన దాని మీదే పడుతుంది. ఫోన్లో amma అని కొడితే అమ్మ అని వచ్చే టైపింగు కూడా ఇప్పుడు సాధన కిందికి రాదు. అక్కడ అక్షరం కట్టేది ఫోను, పిల్లవాడు కాదు.

6 వారాల తర్వాత ఒత్తులు మొదలుపెట్టండి. ఇక్కడ దాదాపు పిల్లలందరూ ఒకే తప్పు చేస్తారు. పప్పు ని "పపుప" అని చదువుతారు. వాళ్ల తర్కం సరైనదే: ముందు ప, తర్వాత పు, దాని కింద ఇంకో ప. కళ్లకి కనిపించిన వరుసలోనే చదివారు. కానీ మన లిపిలో కొమ్ము పై అక్షరానికి తగిలించి రాస్తాం, పలకడం మాత్రం కింది ఒత్తు తర్వాత పలుకుతాం. ఈ మెలిక నోటితో చెప్తే అర్థం కాదు. రెండు రంగుల పెన్నులు తీసుకోండి. అక్షరం, దాని ఒత్తు నల్లగా, కొమ్మో గుడో ఎర్రగా రాయండి. "ఎరుపు చివర" అని ఒక్క మాట నేర్పండి. ప్, ప, ఆఖరికి ఎరుపు ఉ: పప్పు. ఉప్పు, చెప్పు, ముక్కు, చెట్టు, బడ్డీ... అన్నీ ఇదే పద్ధతిలో వస్తాయి. పది రోజులు రెండు రంగుల్లో రాసి, తర్వాత మెల్లగా మొత్తం నలుపులోకి మార్చండి.

"అమ్మ పాలు ఇచ్చింది" లాంటి వాక్యం వచ్చినప్పుడు చూడండి. ఇచ్చింది దగ్గర పిల్లలు "ఇ, చి, చ" అని ఆగిపోతారు. ముందు చిన్న కాగితం ముక్కతో సున్న, ది రెండూ మూసేయండి. మిగిలింది ఇచ్చి. గుడి మీద వేలు పెట్టి "ఇచ్చ" అనిపించండి. వేలు తీసి "ఇచ్చి". కాగితం కొంచెం జరిపి సున్న చూపించి "ఇచ్చిం". మొత్తం తీసి "ఇచ్చింది". మొదటిసారి అర నిమిషం పడుతుంది. వచ్చింది, తెచ్చింది, నచ్చింది వెంటనే ఇవ్వండి, నాలుగో మాటకి మీ వేలు అక్కర్లేదు.

ఒత్తుల ఆకారాల్లో చాలా వరకు అక్షరాన్నే తలకట్టు తీసేసి చిన్నగా రాసినట్టు ఉంటాయి. ప, చ, ట, డ, బ ఒత్తులు చూడగానే పోలిక తెలుస్తుంది. త, న, మ, య, ర, ల ఒత్తులు అసలు అక్షరాన్ని పోలి ఉండవు, వీటిని కొత్త గుర్తులుగానే నేర్పాలి. ముందు పోలిక ఉన్నవాటితో మొదలుపెట్టి, తర్వాత న, మ, ల తీసుకోండి, ఎందుకంటే అన్నం, అమ్మ, పిల్లి, ఇల్లు రోజూ వినే మాటలు. ర ఒత్తు చివరిది. అది అక్షరానికి ఎడమవైపు కింద నుంచి చుట్టుకుని వస్తుంది కాబట్టి పిల్లలు దాన్నే ముందు చూసి, చక్రం ని "చర్కం" అని చదువుతారు. ఒత్తులన్నీ కుదురుకోడానికి ఇంకో మూడు నెలలు పట్టొచ్చు. అది ఆలస్యమేమీ కాదు.

అమ్మమ్మ, నాయనమ్మలతో వీడియో కాల్ చేసేటప్పుడు పిల్లవాడు రాసిన మూడు మాటలు కెమెరాకి చూపించి వాళ్లతో చదివించండి. తను రాసింది ఎక్కడో ఉన్న మనిషి చదివిందన్నది పిల్లలకి చాలా పెద్ద విషయం. వాళ్లని తిరిగి రాసి పంపమంటే మాత్రం విడివిడిగా, పెద్దగా రాయమనండి. పెద్దవాళ్ల గొలుసుకట్టు రాత అచ్చు అక్షరాల్లా ఉండదు, ఈ దశలో పిల్లవాడు గుర్తుపట్టలేడు, మళ్లీ నిరుత్సాహపడతాడు.

లెవెల్ సంగతి. మీ టీచర్ గారు చెప్పింది కోపంతోనో చులకనగానో తీసుకోకండి. ఒత్తులు మొదలయ్యే లెవెల్లోకి గుణింతపు గుర్తులు చదవలేని పిల్లవాడిని పంపితే రెండో వారానికే వెనకబడతాడు, ఆమె భయం అదే అయ్యుంటుంది. అలాగని అదే లెవెల్లో ఇంకో ఏడాది మళ్లీ గుణింతాలు పాడితే ఇప్పుడున్న చోటే ఉంటాడు. అందుకని ఆమెని ఒక గడువు అడగండి. ఈ 6 వారాలు ఇంట్లో చేయించి, తను ముందెప్పుడూ చూడని ఈ పది మాటలు బొమ్మలు లేకుండా ఇవ్వండి: మడత, జంట, బావి, చీమ, పులి, మూడు, తెర, మేడ, కొడుకు, కోతి. ఈ పది ఇంట్లో ముందే చేయించకండి. ఆగి ఆగి చదివినా ఫరవాలేదు. 7 సరిగ్గా చదివితే పై లెవెల్లో కూర్చోబెట్టమని ధైర్యంగా అడగొచ్చు. నాలుగైదు దగ్గర ఆగితే అదే లెవెల్లో ఉంచండి, కానీ ఏ గుర్తుల దగ్గర ఆగుతున్నాడో ఆ కాగితం టీచర్‌కి ఇచ్చి, వాటి మీదే పని చేయించమని చెప్పండి. 25 మంది పిల్లలున్న క్లాసులో గంటన్నరలో ఏ టీచరూ ఒక్కొక్కరి తప్పు విడిగా చూడలేరు. మీరు తెచ్చిన ఆ కాగితం ఆమెకి నిజంగా పనికొస్తుంది. నాకు అలా తెచ్చి ఇచ్చిన అమ్మలు ఇద్దరు ముగ్గురే, కానీ ఆ పిల్లలకి ఏం చెప్పాలో నాకు ఆ రోజే తెలిసిపోయేది.

పది మాటల్లో రెండు మూడు కూడా రాకపోతే, గుణింతం వదిలి వెనక్కి, పడవ, ఉడతల దగ్గరికి వెళ్లి మళ్లీ రెండు వారాలు ఉండండి. అప్పుడు ఏ ఏ మాటల దగ్గర ఆగాడో రాసి నాకు మళ్లీ ఉత్తరం పెట్టండి.